లేపాక్షి చిత్రములలో దాత ముఖము

సింహాచల క్షేత్రమున శ్రీకృష్ణదేవరాయల శాసనములను చదివినవారికి ఒక సంగతి తోచియుండును. 1516లో ఒకసారియు, 1519లో మరొకసారియు రాయలు ఆ కొండ యెక్కి వరాహనరసింహస్వామిని సేవించెను. శాసనమునందు బిరుదావళి యున్నది, కాలనిర్దేశ మున్నది, స్వామికి సమర్పింపబడిన ఆభరణముల ముచ్చట యున్నది. రాయలు ఎట్లుండెనో తెలుపు మాట మాత్రము లేదు. ఆ కొరతను తిరుమల తీర్చుచున్నది. అచట ఉభయదేవేరులతో చేతులు మోడ్చి నిలిచిన రాయల లోహప్రతిమ కలదు. కాని ఆ ప్రతిమల భుజములపై పేర్లు చెక్కబడియున్నవని మరువరాదు. ముఖము చాలునని శిల్పి నమ్మియుండినచో పేరు చెక్కవలసిన పని యేమి?

ఈ ప్రశ్న చిత్రకళలో మరింత చిక్కుపడును. ప్రతిమ ఒంటరిగా నిలుచును. చిత్రమునందలి మనుష్యుడో, దేవతలు, గణములు, చామరధారిణులు, గుఱ్ఱములు, చెట్లు గల ఒక లోకములో నిలువవలెను. ఆ లోకమునకు దానిదే యైన గీత యున్నది. దానివే యైన నాలుగైదు రంగులున్నవి. అందులోని కన్నులన్నియు ఒకే తీరున తీర్చబడినవి. అట్టి చోట నిన్న మొన్న వీధిలో నడచిన మనుష్యుని ముఖమును దింపుట యెట్లు? ఉన్నదున్నట్లు దింపినచో ఆ ముఖము గోడకు అతికించిన కాగితమువలె వేఱుపడును. పూర్తిగా ఆ లోకపు తీరునకే మార్చినచో ఆ మనుష్యుడు మిగులడు. ఈ రెంటి నడుమ విజయనగరకాలపు చిత్రకారులు ఎచట గీత గీచిరో తెలిసికొనుటకు లేపాక్షికంటె తగిన స్థలము తెలుగునాట లేదని మా అభిప్రాయము.

విషయములోనికి పోవుటకు ముందు మన ప్రాచీనులు ఈ భేదమును గుర్తించిరా యని చూడవలెను. గుర్తించిరి. కల్యాణి చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమునందు, దానికే అభిలషితార్థచింతామణి యని నామాంతరము, చిత్రములను విభజించుచు విద్ధమనియు, అవిద్ధమనియు రెండు పేర్లు చెప్పబడినవి. అద్దములోని ప్రతిబింబమువలె పోలిక గలది విద్ధము. మనసులో తోచిన రూపమును ఆకారమాత్రముగా వ్రాసినది అవిద్ధము. విద్ధమనగా గుచ్చబడినది, గుఱికి తగిలినది యని సామాన్యార్థము. పోలికను బాణము గుఱికి తగులుటగా భావించిన ఆ పరిభాష మిక్కిలి సమర్థమైనది. మన ప్రబంధకవులకు ప్రియమైన ఉషాపరిణయగాథలో చిత్రరేఖ లోకములోని రాజకుమారుల నెల్లర వ్రాసి చూపగా ఉష అనిరుద్ధుని గుర్తించుట విద్ధచిత్రమున కుదాహరణము. అచట చిత్రమునకు గల ప్రయోజనము గుర్తుపట్టించుట యొక్కటియే. సోమేశ్వరుని విభాగము ఒక్కొక్క చిత్రమునకు చక్కగా అన్వయించును. ఒకే గోడపై ఒకే సన్నివేశమున దేవుడు అవిద్ధముగను దాత విద్ధముగను ఉండవలసివచ్చినపుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు ఆ విభాగమునుండి మాత్రమే సమాధానము రాదు. ఆ సమాధానమును గోడలలో వెదకవలెను.

లేపాక్షి వీరభద్రాలయము అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529కిని 1542కిని నడుమ, పెనుగొండ రాజ్యమున అధికారియైన విరుపణ్ణచేత ప్రధానముగా నిర్మింపబడినది. మండపముల కప్పులపై అర్జునతపస్సు, ద్రౌపదీస్వయంవరము, పార్వతీకల్యాణము, వటపత్రశాయి మున్నగు కథలు పట్టెలు పట్టెలుగా చిత్రింపబడియున్నవి. వీరితోపాటు విరుపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు పరివారసహితులై, పొడుగైన కుళ్లాయిలు ధరించి, దైవసన్నిధిని భక్తితో నిలిచియున్నారు. విరుపణ్ణ తన కన్నులను తానే పెఱికి గోడకు విసరెననియు, ఆ యెఱ్ఱని మఱకలు ఇప్పటికిని ఉన్నవనియు చెప్పు కథను యాత్రికులు తప్పక విందురు. ఆ మఱకలను చూచుటకు గుమిగూడువారిలో తలయెత్తి అదే మనుష్యుని ముఖమును కప్పుమీద చూచువారు తక్కువ. కన్నులు పోయెనన్న కథ ప్రసిద్ధమగుట, కన్నులతో నున్న చిత్రము మఱుగునపడుట వింతగానే యున్నది.

ఈ చిత్రములు తయారగు క్రమమును స్థూలముగనైన తెలియకున్న తక్కినది బోధపడదు. రాతికప్పుపై ముందుగా సున్నము, ఇసుక కలిసిన గార పట్టింతురు. దానిపై నున్నని సున్నపుపూత వచ్చును. ఆ తెల్లని తలముపై రూపములను గీతతో నిర్ణయింతురు. పిమ్మట ఆ గీతల నడుమ రంగులను చదునుగా నింపుదురు. కావి, పసుపుమన్ను, నలుపు, సున్నపుతెలుపు, ఆకుపచ్చ, వీని మేళనములు: ఇంతియే సామగ్రి. తుదకు రంగు నింపుటలో చెదరిన అంచులను సరిచేయుచు నల్లనిగాని ముదురుకావిగాని గీతతో రూపమును మరల తీర్తురు. ఈ తుదిగీతయే లేపాక్షి చిత్రమునకు ప్రాణము. కన్ను, ముక్కు, పెదవి, వ్రేలు, నగ, చీరయంచు అన్నియు ఆ గీతవలననే యున్నవి. వెలుగునీడలవలన ఉన్నది దాదాపు ఏమియు లేదు. ఒకవైపునుండి వెలుగు పడుచున్నట్లును, ఆవలివైపు నీడ క్రమ్మినట్లును ఈ కప్పుమీద ఎచటను తోచదు. ఎఱ్ఱని నేలపై ప్రతిరూపమును తన అంచువలన తాను నిలుచుచున్నది.

ఇట్టి పద్ధతిలో ముఖమునకు మిగులు అవకాశము కొంచెమే. దాత ముఖమును పరికింపుడు. అతడు మనవైపు తిరిగి చూడడు. ప్రక్కముఖముగనో, ఇంచుక మరలిన ముఖముగనో దైవమువైపే చూచుచుండును. దీనికి భక్తి యొక కారణము. చిత్రధర్మము రెండవ కారణము. ప్రక్కముఖము గీతకు లొంగినట్లు నేరుముఖము లొంగదు. నొసలు, ముక్కు, పెదవులు, గడ్డము ఒకే అంచుగీతలో పలుకును. మనుష్యునికి మనుష్యునికి గల భేదము ఆ అంచులోనే చాలవఱకు పట్టుబడును. నేరుముఖమున ముక్కు ముందునకు వచ్చినదని చూపుటకు నీడ కావలెను. ఆ నీడ ఈ గోడకు పరాయిది. చిత్రకారుడు దాతను ప్రక్కకు త్రిప్పుటతోనే సగము పని ముగిసినది.

తరువాత కన్ను. కన్నును చిత్రకారుడు ఆ మనుష్యునినుండి తీసికొనలేదు, తన పరంపరనుండి తీసికొనెను. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము కన్నులను విల్లువంటివి, చేపకడుపువంటివి, కలువరేకువంటివి, తామరరేకువంటివి అని భావమునుబట్టి విభజించినది. ఎవనికి ఏ కన్ను గలదని కాక ఏ భావమునకు ఏ కన్ను తగునని ఆ గ్రంథమడుగును. లేపాక్షి చిత్రకారుడు ఆ గ్రంథమును చదివెనని మేమనుట లేదు. ఆ ఆలోచన అతని చేతికి వారసత్వముగా వచ్చినదని మాత్రమే చెప్పుచున్నాము. దాతకు, దాత వెనుకనున్న సేవకునకు, స్వయంవరసభలోని రాజునకు కొసలు సాగిన ఒకే వెడల్పుకన్ను. మేనిరంగును అట్లే. కప్పుమీద ఇతరులకు వాడిన పసుపుకావుల మేళనమే దాతకును వాడబడినది. అతనికై ప్రత్యేకముగా నూరిన రంగు లేదు.

మఱి మిగిలినదేమి? కుళ్లాయి, వస్త్రపు అద్దకము, నగలు, నిలిచిన చోటు, పరివారములో అతనికి గల ఎత్తు. శ్రీనాథుడు విజయనగరమునకు పోయి కుళ్లాయి పెట్టవలసివచ్చుటను తలచుకొని చెప్పిన చాటువును ఎఱుగని తెలుగువాడు లేడు. ఆ కుళ్లాయి కొలువువేషము. అది తలపై నుండగానే ఆ మనుష్యుడు పురాణపాత్రము గాడనియు, సమకాలికుడనియు, అధికారముగలవాడనియు స్పష్టపడును. పురాణలోకమున కిరీటముండును గాని కుళ్లాయి యుండదు. అనగా చిత్రకారుడు వ్యక్తిత్వమును ముఖమునుండి మెల్లగా తలపాగకు, వస్త్రమునకు, స్థానమునకు తరలించెను. ముఖము చిత్రలోకమునకు చెందినది. కుళ్లాయి పెనుగొండకు చెందినది. ఈ రెండును ఒకే గీతతో, ఒకే నలుపుతో తీర్చబడుటచేత అతుకు కనబడదు.

దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. ఆ చిత్రపు ఛాయాచిత్ర మొకదానిని తీసికొని, కుళ్లాయిని వస్త్రమును కాగితముతో కప్పి ముఖము నొక్కదానినే చూడవలెను. అపుడు దాతను ఇరుగుపొరుగు రూపములనుండి వేఱుచేయుట కష్టమగును. పిమ్మట ముఖమును కప్పి తక్కిన భాగమును చూడవలెను. దాత ఎవరో వెంటనే తెలియును. లేపాక్షి దాతృచిత్రములు ఉన్నదున్నట్టి పోలికలని కొందఱు ఉత్సాహముతో చెప్పుట కలదు. ఆ మాటను మేమంగీకరింపజాలము. పోలికయనుటకు పోల్చదగిన రెండవరూప ముండవలెను. ఇది పోలికను బుద్ధిపూర్వకముగా తగ్గించుకొని, గుర్తింపును నిలుపుకొన్న పద్ధతి. సోమేశ్వరుని మాటలలో చెప్పవలెనన్న, విద్ధమును అవిద్ధములో కరగించి, విద్ధతకు గుర్తుగా తలపాగను మిగిల్చిరి.

దీనికి సరిగా ఎదురైన మార్గమును మొగలు చిత్రశాలలలోను, కొంతవఱకు గోలకొండలోను చూడవచ్చును. అక్బరు కాలపు గ్రంథచిత్రముల అంచులలో లేఖకులు పనివారి పేర్లను వ్రాసి పెట్టిరి. రచనను కల్పించినవాని పనిని తరహ్ అనియు, రంగులు నింపినవాని పనిని అమల్ అనియు, ముఖములు తీర్చినవాని పనిని చిహ్రానామీ అనియు పేర్కొనిరి. బసావన్ వంటి గొప్ప చిత్రకారుడు రచనను కల్పించినను రంగులు మఱియొకడు నింపుట, ముఖములను వేఱొకడు తీర్చుట కలదు. ముఖమును ప్రత్యేకవిద్యగా భావించుట ఇచట స్పష్టము. ఒకసారి కుదిరిన ముఖమును పోగొట్టుకొనకుండుటకు చర్బా యను సాధన ముండెను. పారదర్శకమగునట్లు పలుచన చేసిన జింకతోలును చిత్రముపై పఱచి, రూపరేఖను దానిపైకెత్తి, గీతవెంబడి సూదితో బెజ్జములు పొడుతురు. తరువాత క్రొత్తకాగితముపై దానిని పెట్టి బొగ్గుపొడి గల చిన్నమూటతో అద్దినచో చుక్కలు దిగును. ఆ చుక్కలను కలుపగా అదే నొసలు, అదే ముక్కు మరల వచ్చును. పదునేడవ శతాబ్ది చివర గోలకొండ ప్రభువుల రూపములను పటములుగా వ్రాసి ఐరోపావర్తకులకు అమ్మిన కాలమున ఇట్టి పునరుక్తి బాగుగా కనబడును. తానాషా ప్రక్కముఖమును ఒక పటమున చూచినవాడు రెండవపటమున సులభముగా పోల్చుకొనును.

ఈ మార్గమున వచ్చు చిక్కు లేపాక్షి చిక్కునకు విపరీతము. ముఖమునందు పర్దాజ్ అను సన్నని చుక్కలపనితో చెక్కిలి గుండ్రదనము తేలును. క్రిందనున్న అంగరకా చదునైన రంగు. ఒకే బొమ్మలో రెండు చేతులు, రెండు సాంద్రతలు. పనివాడు సామాన్యుడైనచో తల మొండెమునుండి తెగినట్లు తోచును. నేర్పరియైనవాడు ఆ చుక్కలపనిని ముఖముతో ఆపడు. మెడమీదికి, చేతివ్రేళ్ల మీదికి దానిని పలుచగా సాగించి, తలపాగమడతలలో ఒకటిరెండు సన్ననినీడలు పెట్టి, నునుపైన ముఖమునుండి చదునైన వస్త్రమునకు చూపును మెట్లుమెట్లుగా దింపును. అతుకును ముఖపుటంచుమీదనే దాచుట అసాధ్యము. దానిని చుట్టుప్రక్కలకు పంచిపెట్టవలెను.

ఛాయాచిత్రము వచ్చిన తరువాత ఈ చిక్కు మఱింత ముదిరినది. రాజపుతానాలోని నాథద్వారమున శ్రీనాథజీ సన్నిధిని యాత్రికుని కుటుంబము నిలిచినట్లు వ్రాయు మనోరథచిత్రములలో, పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి, ఛాయాచిత్రమునుండి ముఖమును కత్తిరించి అతికించి, చుట్టును రంగులతో బొమ్మను పూర్తిచేయుట ఆచారమైనది. ఛాయాచిత్రపు గోధుమవన్నెపై పలుచని మేనిరంగు పూసి, కనుబొమలను, మీసమును కుంచెతో మరల దిద్ది, తలపాగను కాగితపుటంచు మీదుగా సాగించి అతుకును కప్పుదురు. అయినను శ్రద్ధగా చూచినవారికి ఆ ముఖములు పట్టుబడును. కాగితపు అంచువలన కాదు, వెలుగువలన. ఛాయాచిత్రశాలలోని కిటికీనుండి పడిన వెలుగు ఒక చెక్కిలిపై నిలిచియుండును; స్వామిపై ఆ వెలుగు లేదు.

మన ప్రాంతమున నేడు క్రొత్తగా చిత్రింపబడు మండపములలో దాతల ముఖములను ఛాయాచిత్రము చూచి చేర్చుట పరిపాటియైనది. తెరమీద పనిచేయువారికిని అదే సమస్య. కనుక లేపాక్షి పద్ధతిని అర్థముచేసికొన్నామా లేదా యని తెలియుటకు ఒక్క ఉదాహరణమును చివరివఱకు నడిపి చూచెదము. లేపాక్షి తీరున వ్రాసిన పట్టె యొకటి యున్నది. జానెడు ముఖము గల భక్తులు వరుసగా నిలిచియున్నారు. వారి నడుమ, కండ్లజోడు ధరించిన ఒక వృద్ధుని ముఖమును చేర్చవలెను. చేతిలో ఆయన నేరుముఖపు ఛాయాచిత్ర మున్నది.

మొదటిపని ఆ ఛాయాచిత్రమును ప్రక్కకు పెట్టి, ప్రక్కముఖముగనో ఇంచుక మరలిన ముఖముగనో ఉన్న మఱొకదానిని సంపాదించుట. నేరుముఖమునుండి ప్రక్కముఖమును ఊహించి గీచినచో ముక్కు పరాయివాని దగును. నవ్వుచు పండ్లు కనబడు ఛాయాచిత్రమును పనికిరాదు. ఆ కప్పుమీది ముఖములయందు మూసిన పెదవులే యుండును. రెండవది, ఛాయాచిత్రమునుండి గీతను మాత్రమే ఎత్తికొనుట. నొసటినుండి గడ్డమువఱకు గల అంచు, చెవి స్థానము, పెదవుల నడిమిగీత, మెడ వంపు: ఇవి ఆ మనుష్యునివి. కన్ను ఆకారము పట్టెది. కన్నును కూడ ఛాయాచిత్రమునుండియే తెచ్చిన పాటకులు చేయు పొరపాటువలన ముఖము చిన్నకన్నుతో ముడుచుకొని, ప్రక్కవారి నడుమ నిద్రమత్తులో నున్నట్లు కనబడును.

మూడవదియైన రంగు మిక్కిలి జాగ్రత్త కోరునది. ఛాయాచిత్రములో చెక్కిలిక్రింద నీడ నల్లగానో బూడిదవన్నెగానో ఉండును. దానిని చూచి పసుపుమన్ను మేనిరంగులో నలుపు కలిపినచో అది ముదురదు, పచ్చబడును. పసుపుమన్నులో నలుపు కలియగా ఆకుపచ్చ ఛాయ వచ్చుట ప్రతి చిత్రకారునకు అనుభవము. రోగివంటి ఆ ముఖమును చూచి, రంగు చాలలేదని మరింత రంగు పూయుదురు. ముదురు కావలసిన చోట కావిని కలుపవలెను. అదియు ఒక ప్రక్కన గాక, అంచువెంబడి రెండు ప్రక్కల సన్నగా ఉండవలెను. చిత్రసూత్రము చెప్పిన పత్రజము, ఐరికము, బిందుజము అను మూడు వర్తనలకు, అనగా ఆకు ఈనెలవంటి గీతలవర్తనకును, మిక్కిలి సన్ననివర్తనకును, చుక్కలవర్తనకును, వెలుగు ఎటునుండి వచ్చునను ప్రశ్నతో సంబంధము లేదు. అంగము గుండ్రదనము తెలియుటయే వాని ప్రయోజనము. మఱియొక మాట. సున్నము కలిసిన రంగు తడిగా నున్నపుడు ముదురుగను, ఆరినపిమ్మట చాల లేతగను ఉండును. కనుక ప్రక్కముఖముతో సరిపోల్చుట తడిరంగుతో చేయరాదు. ఒక మూల చిన్నతునక పూసి, ఆరనిచ్చి, పిమ్మట చూడవలెను.

నాల్గవది తుదిగీత. ప్రక్కబొమ్మలో ముక్కుగీత ఎంత వెడల్పు గలదో, ఎచట బలిసి ఎచట సన్నగిల్లినదో చూచి, అదే కుంచెతో అదే వేగముతో గీయవలెను. ఛాయాచిత్రపు పోలిక జారునేమోయను భయముచేత మెల్లగా, ముక్కలు ముక్కలుగా గీచిన గీత వడకును. పోలిక సరిగా నున్నను ఆ వణుకువలన ముఖము వేఱుపడును. చుట్టునున్న గీతలు ఒక్క ఊపున వచ్చినవి. ఇది తడవి తడవి వచ్చినది. పోలికకును గీతకును వైరము వచ్చినపుడు లేపాక్షి చిత్రకారుడు గీతవైపే నిలిచెను. నేటివాడు పోలికవైపు నిలుచును. అతుకులు చాలవఱకు ఇచటనే పుట్టుచున్నవి.

ఇక కండ్లజోడు. దానిని తీసివేయుట మేలని అనేకులు తలతురు. అది పురాణలోకమునకు తగదని వారి వాదము. మాకు తోచినంతవఱకు అది ఆ వృద్ధునికి కుళ్లాయి. దానిని నగవలె భావించి, చెవిపోగును తీర్చిన గీతతోనే తీర్చి, అద్దముపై మెఱుపు పెట్టక, లోపల పట్టెకన్నునే నిలిపినచో ముఖము నిండుగా చిత్రలోకములో ఒదిగియు మనుష్యుడు గుర్తింపబడును. మెఱుపు పెట్టిన క్షణముననే కిటికీ వెలుగు కప్పుమీదికి వచ్చిపడును. పని సరిపోయెనా యని తెలియుటకు పండ్రెండడుగుల దూరమున నిలిచి కన్నులు సగము మూసి చూడవలెను. చూపు తనంతట తానే క్రొత్తముఖముపై ఆగుచున్నచో అది యింకను ఒదుగలేదు.

ఇంతవఱకు అతుకు కనబడకుండుటయే గుణముగా చెప్పితిమి. ప్రాచీనచిత్రముల విషయమున అదే గుణము దోషమగు సందర్భ మొకటి యున్నది. చరిత్రవిద్యార్థులకు అది ముఖ్యమగుటచే దానిని విడువరాదు. గార రాలి దాత ముఖములో కన్నో పెదవియో పోయినదనుకొందము. పైన చెప్పిన క్రమమున నేర్పరియైన చిత్రకారుడు ఆ ఖాళీని పూరించి, గీతకు గీత, రంగునకు రంగు కుదిర్చినచో చూచుట కింపుగానే యుండును. కాని ఆ నాటినుండి ఆ ముఖము పదునాఱవ శతాబ్ది సాక్ష్యము కాదు. పిమ్మట వచ్చు పరిశోధకుడు నేటివాని కన్నును చూచి విరుపణ్ణ కన్నని వ్యాసము వ్రాయును. శాసనములో చెరిగిన అక్షరమును ఉలితో మరల చెక్కి, కుండలీకరణము పెట్టక ప్రకటించుటకును దీనికిని భేదము లేదు. ఇటలీదేశమున రోమునగరపు కేంద్రసంరక్షణసంస్థలో చేసారే బ్రాందీ నాయకత్వమున ఇరువదవ శతాబ్ది నడుమ ఒక పద్ధతి యేర్పడినది. పోయిన భాగమును నిలువుగా సన్ననిగీతలతో పూరింతురు. దూరమునుండి రంగు కలిసిపోవును. దగ్గఱకు వచ్చినచో గీతలు వేఱుగా కనబడి, ఇది క్రొత్తదని చెప్పును. పాఠపరిష్కర్తలు కుండలీకరణముతో చేయు పనినే వారు కుంచెతో చేసిరి.

అట్టి గుర్తు లేకుండ పూరింపబడిన ముఖమును కనుగొనుట కష్టమే గాని అసాధ్యము కాదు. దీపమును గోడకు ప్రక్కగా, దాదాపు తలమును తాకునట్లు పట్టి చూచినచో గారలోని ఎగుడుదిగుడులు నీడలుగా లేచును; క్రొత్తగార చుట్టు ఒక అంచు కనబడును. పగుళ్లను కూడ పరిశీలింపవలెను. పాతరంగు గారతోపాటు పగిలియుండును. పగులు గీతను ఖండించుచు పోవును. పగులుపడిన పిమ్మట వేసిన రంగు ఆ పగులులోనికి దిగి, దాని అంచులను తడిపి నిలుచును. దాత కనుబొమపై నల్లనిగీత పగులును దాటి పోవుచున్నదా, పగులులోనికి జారుచున్నదా యన్నదానినిబట్టి ఆ కనుబొమ ఎవరిదో తేలును.